పీర్ సపోర్ట్ ట్రైనింగ్‌కి వచ్చేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు: బౌండరీలు, మన ఆరోగ్యం, నోట్స్

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచి కొత్తగా వచ్చే బ్యాచ్ వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. నేను బైపోలార్‌తో చాలా ఏళ్ళుగా ఉన్నదాన్ని, రోజూ మాత్ర వేసుకుంటా, ఈ పని చేస్తూ కొత్తోళ్ళకి నేర్పిస్తుంటా. క్లాసులో టైం చాలక సగంలో వదిలేసిన జవాబులు ఇక్కడ పూర్తిగా పెట్టాను.

పీర్ సపోర్ట్ వర్కర్ అంటే కౌన్సెలరేనా?

కాదు. కౌన్సెలర్‌కి చదువు అర్హత, మనకి మనం పడిన బాధ, అందులోంచి తేరుకున్న అనుభవం అర్హత. మనం జబ్బు పేరు చెప్పం, మాత్ర మార్చం, థెరపీ చెయ్యం. ఓపీ బయట బెంచీ మీద భయపడతా కూర్చున్న మనిషి పక్కన కూర్చుని, "నేను కూడా ఇదే బెంచీ మీద కూర్చున్నా, లోపల ఏం అడుగుతారో చెప్తా రా" అని అనగలిగింది మనమే. డాక్టర్‌కి ఒక్కో పేషెంట్‌తో దొరికేది కొన్ని నిమిషాలు, ఆ నిమిషాల్లో ఏం అడగాలో ముందే కాగితం మీద రాసుకోవడానికి సాయం చేస్తాం, ఇంటికి పోయాక ఎట్ల ఉందో కనుక్కుంటాం, సదరం క్యాంపుకి ఏ కాగితాలు తీసుకుపోవాలో చెప్తాం.

ట్రైనింగ్‌లో ఏం ఉంటుంది?

మా దగ్గర ఆరు రోజులు. మొదటి రోజు మన కథ మనం చెప్పుకోవడం, రెండో రోజు వినడం ప్రాక్టీసు, మూడు నాలుగు రోజులు బౌండరీలు, అంటే మన దగ్గరికి వచ్చే మనిషితో ఎంత వరకు పోవాలో ముందే గీసుకునే గీతలు, ఐదో రోజు నోట్స్, ఆరో రోజు మన ఆరోగ్యం. కానీ నిజం చెప్తే ఈ చివరి మూడూ వేర్వేరు పాఠాలుగా చెప్పడం నాకు ఇష్టం లేదు, పనిలో దిగాక అవి మూడూ ఒకే చోట ముడిపడి ఉంటాయి. ఆ ముడి ఎట్ల పడిందో నాకు జరిగిన సంగతితోనే చెప్తా, కింద సగం జవాబుల్లో అదే వస్తుంది.

బౌండరీ అంటే దూరంగా ఉండమనా? మన ఊర్లో మనుషులతో అట్ల ఉంటే కుదురుతుందా?

ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది, అడిగేది కూడా చాలా మంచి మనసున్న వాళ్ళే.

చంద్రగిరి దగ్గర పల్లె నుంచి ఒకామె వచ్చేది, పేరు, కొన్ని వివరాలు మార్చి చెప్తున్నా, సుజాత అనుకుందాం. ఇంట్లో జాకెట్లు కుట్టేది. చెవిలో మాటలు వినపడేవి, మాత్రలతో అవి బాగా తగ్గినాయి. ఒకరోజు బయటికి వచ్చి "అక్కా, బస్సుకి, బయట షాపులో ఒక మాత్రకి డబ్బుల్లేవు, ఒక ఐదొందలు సర్దక్కా, కుట్టుకూలీ రాంగానే ఇచ్చేస్తా" అనింది. ఇచ్చేశా. నా పర్సులో ఉండె, ఆమె కష్టం కండ్ల ముందర ఉండె. ఆ రోజు నోట్‌లో మాత్రం డబ్బు సంగతి రాయలేదు. ఎందుకు రాయలేదు అని అప్పుడు నన్ను నేను అడగలేదు.

తర్వాత వారం ఆమె రాలేదు. ఆ తర్వాత వారమూ రాలేదు. మూడో వారం ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి వాళ్ళ అత్తతో మాట్లాడితే తెలిసింది, డబ్బు తిరిగి ఇయ్యలేక నా మొహం చూడలేక ఓపీకి రావడమే మానుకునింది, రాకపోతే మాత్రలు అయిపోయినాయి, మాత్రలు అయిపోతే మాటలు మళ్ళీ వినపడడం మొదలైంది. అంతకుముందు డాక్టర్ నన్ను "ఎందుకు రావట్లేదు, ఏమన్నా తెలుసా" అని అడిగితే నా నోట్స్‌లో జవాబు లేదు. ఉంటే మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఇంటికి పోయుండేవాళ్ళు.

ఐదొందలు పెద్ద డబ్బు కాదు, ఇచ్చినందుకు నన్ను ఎవరూ తిట్టలేదు కూడా. కానీ ఆ నోటు చేతులు మారాక ఆమె నాకు బాకీదారు అయింది, నేను అప్పు ఇచ్చిన మనిషిని అయిపోయినాను, ఆ తర్వాత ఆమె నాతో నిజం మాట్లాడే వీలు లేకుండా పోయింది. బౌండరీ ఉండేది ఆమె మళ్ళీ వచ్చేలా చూడడానికే. కాబట్టి ప్రేమగా పలకరించు, పక్కన కూర్చో, టీ తాగు, చేతిలో చెయ్యి వేసి ఏడిస్తే ఏడవనీ, దూరం అక్కర్లేదు.

మరి డబ్బు అడిగితే ఏం చెప్పాలి?

"లేదు" అని ఊరికే చెప్పి పోవడం కూడా తప్పే. ముందు ఆ డబ్బు దేనికో కనుక్కో. సుజాతకి అప్పుడు కావాల్సింది బస్సు ఛార్జీ, ఒక మాత్ర. ఆ మాత్రకి బదులు ఫార్మసీలో ఉచితంగా ఉండేది ఏదన్నా రాయగలరా అని డాక్టర్‌ని అడిగుంటే సగం సమస్య తీరేది, మిగతా సగానికి సోషల్ వర్కర్ ఉన్నారు. ఇప్పుడైతే 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడతారు, ఇది తెలియని వాళ్ళు లోపల పల్లెల్లో ఇంకా ఉన్నారు, చెప్పండి. చాన్నాళ్ళుగా జబ్బుతో పని చేయలేని వాళ్ళకి సదరం సర్టిఫికెట్ సంగతి చెప్పండి, మానసిక వ్యాధి కూడా 2016 వికలాంగుల చట్టంలో ఉంది, 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటే పింఛనుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మాట ఎట్ల అనాలంటే, నేను ఇప్పుడు ఇట్ల అంటా: "సుజాతా, డబ్బు నేను ఇస్తే రేపు నువ్వు నన్ను చూసి మొహం తిప్పుకుంటావు, నాకది ఇష్టం లేదు. రా, ఇద్దరం పోయి సోషల్ వర్కర్ మేడంని అడుగుదాం." తర్వాత నిజంగానే లేచి ఆమెతో నడవాలి. వేలుతో గది చూపించి పంపిస్తే ఆమె ఆ గదికి పోదు, నేరుగా బస్టాండుకి పోతుంది.

ఫోన్ నంబర్ ఇవ్వొచ్చా?

మన సొంత నంబర్ వద్దు. పనికి ఇచ్చిన సిమ్ ఉంటే అది, అది కూడా ఏ టైం నుంచి ఏ టైం వరకో మొదటి రోజే చెప్పాలి. సుజాతకి నా సొంత నంబర్ ఇచ్చిన తప్పు కూడా నాదే. మొదట్లో పగలు చేసేది, తర్వాత రాత్రి పదకొండున్నరకి, తర్వాత ఒంటి గంటకి. నేను ఎత్తేదాన్ని, ఎత్తకపోతే ఏమవుతుందో అని భయం.

టైం పెడితే మనసు కష్టపెట్టుకుంటారని కొత్తోళ్ళు అంటారు. మధ్యలో అకస్మాత్తుగా పెడితే కష్టపెట్టుకుంటారు, నిన్నటిదాకా ఎత్తిన అక్క ఈ రోజు ఎత్తట్లేదంటే నేనేం తప్పు చేశానో అనుకుంటారు. మొదటి రోజే "తొమ్మిది నుంచి ఐదు వరకు నేను, రాత్రిపూట భయమేస్తే 14416 కి చెయ్, తెలుగులోనే మాట్లాడతారు" అని చెప్పి, అక్కడే ఆమె ఫోన్‌లో ఆ నంబర్ సేవ్ చేయించి ఒకసారి ఎట్ల చేయాలో చూపించండి. అది టెలి మానస్ నంబర్, 2022 అక్టోబర్ 10 నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు.

మా ఊరోళ్ళో చుట్టాలో వస్తే?

తిరుపతి పెద్దదే కానీ పుత్తూరు, పీలేరు, పలమనేరు లాంటి చోట ఎవరో ఒకరు తెలిసినోళ్ళు వస్తారు, తప్పదు. నీ చుట్టం అయితే సూపర్‌వైజర్‌కి చెప్పి ఇంకొకరికి మార్పించు. ఊరు మనిషి అయితే మొదటి కూర్చోవడంలోనే అడుగు, "బయట సంతలోనో గుడిలోనో కనిపిస్తే పలకరించేదా, వద్దా?" అని. చాలా మంది వద్దంటారు, వద్దంటే కల్యాణ మండపంలో ఎదురుపడినా తెలియనట్టే పోవాలి. ఆ మనిషి ఏమన్నారో నోట్‌లో కూడా రాసిపెట్టు.

నా కథ ఎంత వరకు చెప్పొచ్చు?

చెప్పే ముందు ఒక్క ప్రశ్న వేసుకో, ఇది ఇప్పుడు ఆమెకి పనికొస్తుందా, నాకు బరువు దిగడానికా. "నాకు కూడా ఆ మాత్రకి ఒళ్ళు వచ్చింది, డాక్టర్‌కి చెప్తే మార్చినారు" అనేది రెండు వాక్యాలు, ఆమెకి పనికొస్తుంది. అక్కడ ఆపి మళ్ళీ ఆమె వైపు తిరగాలి. మన హాస్పిటల్ కథ మొత్తం చెప్తే కాసేపటికి ఆమె మనల్ని ఓదార్చడం మొదలుపెడుతుంది. ఇంకా పచ్చిగా ఉన్నవి, తల్చుకుంటే మన చేతులు వణికేవి, ఇక్కడ చెప్పొద్దు, వాటికి మనకి మన డాక్టరో మన స్నేహితులో ఉన్నారు.

మాత్ర మానేస్తానంటే, ఉపవాసం ఉంటానంటే ఏమనాలి?

మానొద్దు అనీ అనొద్దు, సరే అనీ అనొద్దు. ఎందుకు మానాలనిపిస్తుందో వినండి, ఆ కారణాన్ని ఆమె మాటల్లోనే డాక్టర్ దగ్గరికి చేర్చండి. మనకి తెలియాల్సిన ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తా, లిథియం వేసుకునే వాళ్ళకి ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తంలో మందు పెరుగుతుంది. ఎండాకాలం అలిపిరి మెట్లెక్కేటప్పుడు, నీళ్ళు కూడా తాగని ఉపవాసాలప్పుడు, వాంతులు విరేచనాలప్పుడు ఇది జరగొచ్చు. చేతులు మామూలు కంటే ఎక్కువ వణుకుతున్నా, నడక తూలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా ఇంక ఆలోచించేది లేదు, వెంటనే హాస్పిటల్. మెట్లెక్కాలని మొక్కుకున్న వాళ్ళని మనం ఆపం, పోయే ముందు డాక్టర్‌ని ఒకమాట అడగమంటాం.

"అక్కా ఎవ్వరికీ చెప్పొద్దు" అని ఏదన్నా చెప్తే?

ఆ మాట వచ్చాక ఆలోచిస్తే లేట్. మొదటి రోజే చెప్పాలి, "నువ్వు చెప్పింది ఈ టీం దాటి బయటికి పోదు. కానీ నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు అనిపిస్తే మాత్రం నేను చెప్తా, చెప్పే ముందు నీతో చెప్పి చెప్తా" అని. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ కూడా ఇదే అంటుంది, వివరాలు గోప్యంగా ఉంచాలి, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లోనే, అవసరమైనంత వరకే బయటపెట్టొచ్చు.

ఇంట్లోవాళ్ళు వచ్చి "ఏం చెప్పింది మా కోడలు" అని అడుగుతారు, రోజూ జరిగేదే. "ఆమెనే అడగండి, లేకపోతే ఆమె ఒప్పుకుంటే ముగ్గురం కలిసి కూర్చుందాం" అనండి.

చచ్చిపోవాలని ఉంది అంటే?

భయపడి మాట మార్చొద్దు. సూటిగా అడుగు, "చచ్చిపోవాలని అనుకుంటున్నావా? ఎట్ల అని కూడా అనుకున్నావా?" అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఎవరో ఒకరు అడిగినారే అని ఊపిరి తీసుకుంటారు. ఇంట్లో పురుగుల మందు ఉందా అని తప్పకుండా అడగాలి, మన వైపు మామిడి తోటలు, టమాటా పొలాలు ఉన్న ఇండ్లలో డబ్బా మంచం కిందే ఉంటుంది. దాన్ని ఇంట్లోంచి తీసేయించడం ఎవరికి అప్పజెప్పాలో ఆ మనిషినే అడిగి మాట్లాడండి. ఒక్కదాన్నే వదిలి సూపర్‌వైజర్‌ని వెతకడానికి పోవద్దు, కూర్చున్న చోటు నుంచే ఫోన్ చెయ్. ఫోన్‌లో మాట్లాడుతున్న మనిషి అయితే యాడున్నారో కనుక్కుని, లైన్ కట్ చేయకుండా పక్కనోళ్ళతో సూపర్‌వైజర్‌కి చెప్పించు. అప్పటికే పురుగుల మందు తాగి ఉంటే 108. కేసు అవుతుందని దాచే ఇండ్లకి చెప్పండి, అదే 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం అట్లాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే చట్టం చూస్తుంది, అట్ల కాదని ఎవరన్నా రుజువు చేస్తే తప్ప శిక్ష లేదు.

ఆ రాత్రి ఆమెని నువ్వు ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టుకోవడం మాత్రం వద్దు. ఆ కోరిక ఎంత బలంగా వస్తుందో నాకు తెలుసు.

నోట్స్ ఎట్ల రాయాలి? నాకు అంత చదువు లేదు.

తెలుగులో, మామూలు మాటల్లో, అదే రోజు రాయాలి. నాలుగు సంగతులు ఉంటే చాలు: ఎప్పుడు ఎక్కడ ఎంతసేపు, ఆమె ఏమనింది, నేనేం చేశాను, తర్వాత ఏం అనుకున్నాం.

క్లాసులో ఇట్లాంటి నోట్ ఒకటి బోర్డు మీద రాస్తా: "పేషెంట్ మాత్రలు సరిగా వేసుకోవట్లేదు. సహకరించడం లేదు. మూడీగా ఉంది." దీంట్లో జరిగింది ఏమీ లేదు, అంతా రాసినోళ్ళ తీర్పే. ఎన్ని రోజులు, ఏ మాత్ర, ఎందుకు అని చదివిన డాక్టర్‌కి తెలియదు. అదే సంగతి ఇట్ల రాయొచ్చు:

"ఉదయం 10:30 నుంచి 11:15, ఓపీ వరండా. ఐదు రోజులుగా రాత్రి మాత్ర వేసుకోలేదని సుజాత చెప్పింది. 'ఒళ్ళు వస్తాంది, నా జాకెట్లు నాకే పట్టడం లేదు' అనింది. మాటల మధ్య రెండుసార్లు ఏడ్చింది. మాటలు వినపడుతున్నాయా అని అడిగితే రాత్రిపూట రొంత అనింది. చచ్చిపోవాలనే ఆలోచన లేదని చెప్పింది. డాక్టర్‌కి చెప్తానంటే మొదట వద్దని, తర్వాత తనే చెప్తానని, పక్కన నన్ను ఉండమని అడిగింది. 11:20కి ఇద్దరం పోయి చెప్పాం. వచ్చే మంగళవారం ఫోన్ చేస్తా."

"మూడీ" అనే మాటకి బదులు "రెండుసార్లు ఏడ్చింది" అని చూసింది చూసినట్టు రాశాం. ఆమె మాట ఆమె మాటగానే ఉంది. ఈ నోట్ చదివితే డాక్టర్ ముందు ఒళ్ళు రావడం గురించి మాట్లాడతారు, పై నోట్ చదివితే మాత్ర ఎందుకు వేసుకోవని మందలించి పంపిస్తారు.

రాయకూడనివి కూడా ఉన్నాయి. ఆమె చెల్లెలి విడాకుల గొడవ, అత్త ఏమనిందో ప్రతి మాట, ఇవన్నీ వైద్యానికి అక్కర్లేదు. "ఇంట్లో గొడవల వల్ల నిద్ర లేదని చెప్పింది" చాలు. జబ్బు పేరు మనం రాయం.

ఆమె నా నోట్స్ చూస్తానంటే?

చూపించేలాగే రాయాలి. తన వైద్య రికార్డు చూసే హక్కు అదే 2017 చట్టం 25వ సెక్షన్‌లో ఉంది, అడిగితే ఆఫీస్ పద్ధతి ప్రకారం ఇస్తారు, మనం సొంతంగా ఫైల్ ఫోటో తీసి పంపకూడదు. నేను ఈ మధ్య చివరి ఐదు నిమిషాలు ఆమె పక్కనే కూర్చుని, చదివి వినిపిస్తూ రాస్తున్నా. ఒకసారి "ఏడ్చింది అని రాయొద్దక్కా, కండ్లల్లో నీళ్ళు వచ్చినాయి అని రాయి" అనింది ఒకామె, అట్లే రాశా.

తప్పు రాస్తే వైట్‌నర్ పెట్టొచ్చా?

వద్దు. తప్పు మీద ఒక్క గీత, కింద అక్షరాలు కనపడాలి, పక్కన సరైనది, సంతకం, తేదీ. మర్చిపోయి మరుసటి రోజు రాస్తే "నిన్న జరిగింది, ఈ రోజు రాస్తున్నా" అని రెండు తేదీలూ వెయ్యండి. ముందు తేదీ వేసి రాయడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు.

వాట్సాప్ గ్రూపులో పెడితే త్వరగా తెలుస్తుంది కదా?

పేరు, ఫోటో, చీటీ, ఏదీ పెట్టొద్దు. ఆ ఫోన్‌లు ఇంట్లో పిల్లల చేతిలో ఉంటాయి. అర్జెంట్ అయితే ఫోన్ చేసి మాట్లాడు, గ్రూపులో "ఒక విషయం మాట్లాడాలి, ఫోన్ చేయండి" అని పెట్టు చాలు.

బౌండరీ దాటుతున్నానని నాకు ఎట్ల తెలుస్తుంది?

నోట్ రాసేటప్పుడు తెలుస్తుంది. సుజాతకి డబ్బు ఇచ్చిన రోజు కలం ఒక్క క్షణం ఆగింది, నాకు బాగా గుర్తు. రాత్రి ఫోన్‌ల సంగతి కూడా నేను ఒక్కసారి కూడా రాయలేదు. ఇప్పుడు బ్యాచ్ వాళ్ళందరికీ ఇదే చెప్తా, ఈ వారం జరిగినవాటిలో నోట్‌లో రాయడానికి నీకు మనసు రానిది ఏదన్నా ఉందా? ఉంటే దాన్నే తీసుకుని సూపర్‌వైజర్ దగ్గరికి పో. అది బహుమతి కావచ్చు, చీర కావచ్చు, బండి మీద ఇంట్లో దింపడం కావచ్చు, ఆమె మీద నీకు పుట్టిన కోపం కూడా కావచ్చు.

నాకే మళ్ళీ బాగలేకపోతే ఉద్యోగం పోతుందా?

అందరికీ ఉన్నట్టే మనకీ సిక్ లీవ్ ఉండాలి, చేరే ముందే ఇది అడిగి కాగితం మీద రాయించుకోండి. నీకు వైద్యం చేసే డాక్టర్ నువ్వు పనిచేసే టీంలో లేకుండా ఉంటే మంచిది, వీలు కాకపోతే నీ ఫైల్ తోటి వర్కర్లు తెరవకుండా ఏం చేస్తారో అడుగు.

నా విషయానికి వస్తే, ఆ ఒంటి గంట ఫోన్‌లు మూడు వారాలు నడిచినాయి. నాలుగు గంటల నిద్ర. మొదట అలసట, తర్వాత అలసట పోయి విచిత్రంగా హుషారు వచ్చింది, నాలుగింటికే లేచి ఇల్లంతా కడిగేదాన్ని, మాట వేగం పెరిగింది. బైపోలార్ ఉన్న వాళ్ళకి నిద్ర తగ్గడం జబ్బు వస్తోందనే గుర్తు కావచ్చు, అదే జబ్బుని లాక్కుని కూడా రావచ్చు. మా ఆయన "నువ్వు మళ్ళీ అట్ల మాట్లాడతాన్నావు" అన్నాక నా డాక్టర్ దగ్గరికి పోయినా. రెండు వారాలు లీవ్. సుజాత ఫోన్ చేసినా ఎత్తే మనిషి లేదు అప్పుడు.

అందుకే ఆరో రోజు యోగా, నడక గురించి పెద్దగా చెప్పం. ఒక కాగితం ఇస్తాం, నీకు బాగలేకుండా పోయే ముందు మొదట మారేవి మూడు రాయి. నావి ఇవి: వరసగా రెండు రాత్రులు ఐదు గంటల లోపు నిద్ర, తెల్లారుజామున ఇల్లు కడగడం, అక్కర్లేని చీరలు కొనడం. వాటి పక్కన, అవి కనిపిస్తే ఎవరు నాతో చెప్పాలి, నేను ఏం చేస్తా అని రాయాలి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి సూపర్‌వైజర్ దగ్గర, అది కూడా నువ్వు ఇష్టపడితేనే.

పని ఎక్కువైతే ఎట్ల చెప్పాలి?

"అలసిపోయినా" అంటే "రెస్ట్ తీసుకో" అంటారు, అక్కడితో అయిపోతుంది. లెక్క చెప్పండి. ఈ వారం ఎంతమందిని చూశావు, అందులో చావు మాట ఎంతమంది ఎత్తినారు, నోట్స్ ఇంటికి తీసుకుపోయి ఎన్ని రాశావు. రోజుకి ఒక గంట నోట్స్ కోసమే పక్కన పెట్టమని అడుగు. నీ జబ్బు కథ మాదిరే ఉన్న కేసు వస్తే, కొత్తలో, "ఇది నేను తీసుకోలేను" అనే హక్కు నీకుంది. బ్రహ్మోత్సవాలప్పుడు తిరుపతిలో ఏ ఇంట్లో చూసినా దర్శనానికి వచ్చిన చుట్టాలే, హాల్లో పది మంది పడుకుని ఉంటారు, నిద్ర ఉండదు, ఆ వారాల్లో డ్యూటీ తగ్గించమని నేను నెల ముందే రాసి ఇస్తా.

సుజాత తర్వాత ఏమయింది?

సోషల్ వర్కర్, ఇంకో పీర్ వర్కర్ కలిసి ఇంటికి పోయినారు. నేను పోలేదు, అది మా టీం నిర్ణయం, సరైనదే. డబ్బు గురించి ఆమె అడిగే ముందే వాళ్ళు చెప్పినారు, "అక్క ఆ డబ్బు అడగడం లేదు, ఇయ్యకూడని డబ్బు ఇచ్చింది ఆమె తప్పు అని చెప్పమనింది" అని. మాత్ర మళ్ళీ మొదలైంది, ఒళ్ళు రాని ఇంకో మందుకి మెల్లగా మార్చినారు. ఇప్పుడు ఆమె చూసేది వేరే వర్కర్‌ని. నేను ఆ రోజు రాయని నోట్‌ని లీవ్ నుంచి వచ్చాక రెండు తేదీలూ వేసి రాశా, "500 రూపాయలు నా సొంత డబ్బు ఇచ్చాను, అప్పుడు రాయలేదు" అని. ఐదో రోజు క్లాసులో పేర్లు తీసేసి ఆ నోట్‌నే చదివి వినిపిస్తా.